శుభలేఖలో తిథి, వారము, తేది

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలోని మన కుటుంబములలో పెక్కింటికి నేడు విదేశములందు బంధువులున్నారు. శుభలేఖ వారికి చేరుచున్నది. కాని అందలి ముహూర్తమును వారు సరిగా చదువుకొనగలుగుచున్నారా అన్నది విచారింపవలసిన విషయము.

చిక్కు పుట్టునది ముఖ్యముగా రాత్రి ముహూర్తములతోనే. మన పంచాంగమున దినము సూర్యోదయముతో మొదలై మరునాటి సూర్యోదయము వరకు నడచును. కచేరీలలోను, రైళ్ళ విమానముల టిక్కెట్లలోను తేది అర్ధరాత్రి మారును. అర్ధరాత్రి మొదలు తెల్లవారువరకు గల ఆరేడు గంటలలో ఈ రెండు లెక్కలకును ఒక దినము తేడా యుండును. మన పెండ్లిండ్లలో ననేకము జరుగునది ఆ గంటలలోనే గదా!

ఉదాహరణకు, క్రోధి నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమీ ఆదివారము రాత్రి 2-30 గంటలకు, రేవతీ నక్షత్రయుక్త వృశ్చిక లగ్నమందు బాగేపల్లిలో వివాహమనుకొందము. ఆ ఆదివారము 2025 ఫిబ్రవరి 2వ తేది. సూర్యోదయము మొదలు లెక్కించిన ముహూర్తమునకు సుమారు 49 ఘడియలగును. అరువది ఘడియలు నిండలేదు గనుక పంచాంగరీత్యా అది ఇంకను ఆదివారమే. గడియారము మాత్రము అర్ధరాత్రి దాటినది గనుక తేది ఫిబ్రవరి 3, సోమవారము.

తిథిని గూర్చి యొక మాట. ఆనాటి ఉదయము చవితి యుండెను. దృగ్గణితము ప్రకారము తొమ్మిది గంటలు దాటిన పిమ్మట పంచమి వచ్చినది. కాలెండరులో ఆదివారమునకు ఎదుట చవితి యని చూచినవారు శుభలేఖ తప్పని తలపవచ్చును. తప్పు కాదు. లేఖలో వ్రాయునది ముహూర్త సమయమునకు గల తిథి.

ఇప్పుడు ఈ వివాహమునకే లేఖను రెండు విధముల వ్రాసి చూతము. "2-2-2025 ఆదివారము రాత్రి 2-30" అని వ్రాసిన, ఇచ్చటివారు గ్రహింతురు. కాని గడియారపు లెక్క కలవాటుపడినవారు దానిని ఫిబ్రవరి 2 తెల్లవారుజామని చదివి ఒకదినము ముందుగా వత్తురు. అది కొంత అసౌకర్యమే గాని పెండ్లి తప్పదు. "3-2-2025 రాత్రి 2-30" అని వ్రాసిన, మూడవ తేది ప్రొద్దుగ్రుంకిన తరువాతి రాత్రి యని తలచువారుందురు. వారు దేవనహళ్ళి విమానాశ్రయమున దిగి చిక్కబళ్ళాపురము మీదుగా బాగేపల్లి చేరుసరికి తాళి కట్టి యొకదినమై యుండును.

ఇంతకన్న సూక్ష్మమైన ప్రమాద మింకొకటి కలదు. అమెరికాలో నెలను ముందును, తేదిని తరువాతను వ్రాయుదురు. అచ్చట పెరిగిన పిల్లలు 3-2-2025 అన్న అంకెలను మార్చి 2 అని చదువుదురు. వారము సరిపోలినదా యని చూచుకొందురనుకొన్నను, 2025 మార్చి 2 సైతము ఆదివారమే! లేఖలో పంచాంగపు ఆదివారమున్నది గనుక, తప్పు తేదికి సాక్ష్యము కూడ దొరకినట్లగును. కావున నెలను అంకెతో గాక అక్షరములలో వ్రాయుట యవసరము.

రాలేక దూరమునుండి యంత్రమున చూడగోరువారికి స్థానిక కాలము కావలెను. మన 2-30 గంటలకు న్యూయార్కులో ఆదివారము సాయంత్రము 4 గంటలు, లండనులో ఆదివారము రాత్రి 9 గంటలు, సింగపూరులో సోమవారము ఉదయము 5 గంటలు. ఇది ఫిబ్రవరి మాట. న్యూయార్కులో మార్చి రెండవ ఆదివారము మొదలు నవంబరు మొదటి ఆదివారము వరకు గడియారములను ఒక గంట ముందుకు జరుపుదురు. అప్పుడు మనకును వారికిని గల పదిన్నర గంటల తేడా తొమ్మిదిన్నర యగును. వైశాఖ జ్యేష్ఠములలోని పెండ్లిండ్లకు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. అచ్చటి పంచాంగమును తెరచి ముహూర్తమును వెదకవలదని కూడ బంధువులకు చెప్పవలెను. తిథి మారు క్షణము లోకమంతటికి నొకటే యైనను, సూర్యోదయమును లగ్నమును ఊరినిబట్టి మారును. లగ్నము పెట్టినది బాగేపల్లికి.

కావున శుభలేఖలో పంచాంగ వాక్యమును సంప్రదాయానుసారముగ నుంచి, దాని క్రింద వేరొక పంక్తి చేర్చిన చాలును. పై వివాహమునకు అది యిట్లుండును:

"అనగా 2025 ఫిబ్రవరి 2వ తేది ఆదివారము రాత్రి, తెల్లవారిన 3వ తేది సోమవారమనగా, భారత కాలమానము ప్రకారము తెల్లవారుజామున 2-30 గంటలకు. అతిథులు ఆదివారము సాయంత్రమునకే విచ్చేయ ప్రార్థన."

చివరి వాక్యము మిక్కిలి ముఖ్యము. లెక్కలన్నిటిని మరచినవారు సైతము, ఏ సాయంత్రమునకు మన వాకిట నుండవలెనో దానివలన తెలిసికొందురు. అచ్చునకు పంపుటకు ముందు తిథివారములను పురోహితునిచేతను, తేదిని విదేశమందున్న బంధువొకనిచేతను చదివించి, వారు గ్రహించిన దినమేదో అడిగి తెలిసికొనుడు. ఇద్దరును ఒకే రాత్రిని చెప్పినచో లేఖ సరియైనదన్నమాట.