పాత పేపర్లతో పరీక్షకు సిద్ధం

మేడ్చల్, శామీర్‌పేట వైపు బీటెక్ చదివి బ్రిటన్‌లో ఎమ్మెస్సీకి వెళ్లేవారికి జేఎన్‌టీయూ పేపరు అలవాటు: పార్ట్-ఏలో చిన్న ప్రశ్నలు, పార్ట్-బీలో యూనిట్‌కొక పెద్ద ప్రశ్న. అక్కడి పేపరు తీరు వేరు.

చేరగానే యూనివర్సిటీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో సబ్జెక్టు కోడ్‌తో పాత పేపర్లు వెతకండి. ముందు పైనున్న సూచనలు చదవండి. రెండు గంటల్లో 25 మార్కుల ప్రశ్నలు నాలుగు రాయాలంటే ఒక్కోదానికి అరగంటే. గడియారం చూసుకుంటూ ఒకటి రాయండి.

"వివరించండి" అంటే నోట్స్‌లో ఉన్నది చాలు. "విమర్శనాత్మకంగా పరిశీలించండి" అంటే మాత్రం రెండు పద్ధతుల్ని పోల్చి, ఏది ఎక్కడ పనిచేయదో చెప్పి, మీ నిర్ణయానికి కారణం రాయాలి.

ఎగ్జామినర్ల రిపోర్టు దొరికితే మీ జవాబును దానితో సరిచూసుకోండి. లెక్చరర్ మారితే పేపరూ మారవచ్చు. అందుకే ఈ ఏడాది పద్ధతేమిటో క్లాసులోనే అడిగి తెలుసుకోండి.