రెండు ఓట్లు ఇటు, రెండు ఓట్లు అటు

 

ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని కంపెనీల మధ్య ఒప్పందాలు రాయడం. ఈ రోజు పట్టా అందుకుంటున్న మీలో చాలామంది ఇంకో ఏడాదిలోనో రెండేళ్లలోనో ఏదో ఒక జాయింట్ వెంచర్ అగ్రిమెంట్ ముసాయిదా ముందు కూర్చుంటారు. అందుకే మీకు మనదేశంలో నడిచిన ఒక తగువు కథ చెబుతాను.

1995లో అమెరికా కంపెనీ మెక్‌డొనాల్డ్స్ భారతదేశానికి రావాలనుకుంది. ఉత్తర, తూర్పు ప్రాంతాల కోసం ఢిల్లీ వ్యాపారవేత్త విక్రమ్ బక్షీతో చేతులు కలిపింది. ఇద్దరూ చెరిసగం వాటాతో పెట్టుకున్న కంపెనీ పేరు కనాట్ ప్లాజా రెస్టారెంట్స్. మేనేజింగ్ డైరెక్టర్ బక్షీ. మరుసటి ఏడాది ఢిల్లీ వసంత్ విహార్‌లో తొలి దుకాణం తెరిచారు. పదిహేనేళ్లకు పైగా వ్యాపారం పెరుగుతూనే వచ్చింది.

2013 జులై 17న బక్షీ పదవీకాలం ముగిసింది. ఆగస్టులో బోర్డు సమావేశమైంది. బోర్డులో నలుగురే. బక్షీ వైపు ఇద్దరు, మెక్‌డొనాల్డ్స్ నామినీలు ఇద్దరు. ఆయన్ని మళ్లీ ఎన్నుకోవాలన్న తీర్మానానికి రెండు ఓట్లు అనుకూలం, రెండు ఓట్లు వ్యతిరేకం. తీర్మానం నెగ్గలేదు. ఆయన ఇక మేనేజింగ్ డైరెక్టర్ కాదని ఆ నెలాఖరులో మెక్‌డొనాల్డ్స్ పత్రికల్లో ప్రకటించింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. చెరిసగం వాటా అనగానే, నువ్వు లేకుండా నేను ఏమీ చేయలేను, నేను లేకుండా నువ్వు ఏమీ చేయలేవు అన్న ధీమా ఇద్దరికీ కలుగుతుంది. అది సగమే నిజం. ఓట్లు సమానమైతే నిర్ణయం జరగదు. నిర్ణయం జరగకపోవడం వల్ల ఒకరికి లాభం, ఇంకొకరికి నష్టం ఉంటుంది. పదవి తనంతట తాను కొనసాగేదైతే, ఓట్లు సమానమైనప్పుడు కుర్చీలో ఉన్నవాడు గెలిచినట్టే. గడువు ముగిసి మళ్లీ ఎన్నిక కావాల్సిన పదవైతే, అవే ఓట్లతో ఓడినట్టే. ఇప్పటి కంపెనీల చట్టం 196వ సెక్షన్ ప్రకారం మేనేజింగ్ డైరెక్టర్‌ను ఒక్కసారికి 5 ఏళ్లకు మించి నియమించకూడదు. అంటే ప్రతి చెరిసగం కంపెనీలోనూ అలాంటి ఓటు రోజు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. వారసుడిని ఇద్దరూ ఒప్పుకునేవరకు పాతవారి పునర్నియామకానికే రెండు పక్షాల నామినీలు ఓటు వేయాలన్న ఒక్క వాక్యం ఉంటే, ఆ రోజు తగువు రాదని కాదు గానీ, కుర్చీ ఖాళీ కాదు. ఆ వాక్యం ఒప్పందంలో ఉంటే చాలదు, కంపెనీ ఆర్టికల్స్‌లోకి కూడా ఎక్కాలి. వాటాల బదిలీపై ఆర్టికల్స్‌లో లేని ఆంక్ష కంపెనీని కట్టడి చేయదని సుప్రీంకోర్టు 1991లో రంగరాజ్ కేసులో చెప్పింది. ఈ పని వాయిదా వేసి ఇబ్బంది పడినవాళ్లను నేను చూశాను.

బక్షీ కంపెనీ లా బోర్డుకు వెళ్లారు. బక్షీ వాటాల కొనుగోలు వ్యవహారాన్ని మెక్‌డొనాల్డ్స్ లండన్ ఆర్బిట్రేషన్‌కు తీసుకెళ్లింది. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి, మధ్యలో ఢిల్లీ హైకోర్టు. ఒకే ఒప్పందం మీద రెండు దేశాల్లో వాదనలు. కంపెనీ మాత్రం రోజూ తలుపులు తెరవాలి కదా? 2017 జూన్ చివర్లో ఢిల్లీలోని 55 దుకాణాల్లో 43 మూతపడ్డాయి. ఈటింగ్ హౌస్ లైసెన్సులు రెన్యువల్ కాలేదు. తలుపులు మూసేసరికి అక్కడ పనిచేసే వందలమంది రేపటి జీతం ఏమిటన్న ప్రశ్నతో నిలబడ్డారు. వాళ్లకు ఈ తగువుతో ఏ సంబంధమూ లేదు. ఈ కేసు గురించి చెప్పినప్పుడల్లా నా మనసు అక్కడే ఆగుతుంది.

అందుకే ప్రతిష్టంభనకు నిర్వచనం రాసేటప్పుడు దాన్ని వీలైనంత చిన్న గిరిలో పెట్టాలి. వార్షిక ప్రణాళిక, పెద్ద అప్పు, కొత్త వాటాల జారీ, వ్యాపార స్వరూపం మార్పు వంటివి ఇద్దరి సమ్మతితోనే జరగాలి, సరే. లైసెన్సుల రెన్యువల్, జీతాలు, పన్నులు, బీమా ఆ జాబితాలోకి రాకూడదు. బడ్జెట్ ఆమోదం పొందకపోతే నిరుటి బడ్జెట్టే ధరల పెరుగుదల మేరకు సర్దుబాటై నడవాలి. మిగిలిన విషయాల్లో ముందు రెండు కంపెనీల అధినేతలు కూర్చుని మాట్లాడాలి, దానికి 30 రోజులో 45 రోజులో గడువు ఉండాలి. అప్పటికీ కుదరకపోతే తలుపు ఏదో రాసి ఉండాలి.

ఆ తలుపు గురించి మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఒకరు ధర చెబుతారు. రెండోవాళ్లు అదే ధరకు తమ వాటా అమ్మనైనా అమ్మాలి, ఎదుటివాళ్ల వాటా కొననైనా కొనాలి. దీన్ని రష్యన్ రూలెట్ క్లాజ్ అంటారు. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. ధర చెప్పేవాడు మోసం చేస్తే తనే మోసపోతాడు. కానీ అది ఇద్దరూ కొనగలిగినప్పుడే పనిచేస్తుంది. కనాట్ ప్లాజాలో పేరు, వంటకాల ప్రమాణాలు, ఫ్రాంచైజీ అన్నీ మెక్‌డొనాల్డ్స్‌వే. బక్షీ ఆ వాటా కొన్నారనుకుందాం. మరుసటి ఉదయం ఏ బోర్డు కట్టి అమ్ముతారు? వాటా కొనడం ఆయన చేతిలోని పనే అయినా, ఆ పేరు వాడుకోవడం ఎదుటివాళ్ల చేతిలోని పని. బ్రాండ్ ఒకరి దగ్గరే ఉన్న ఒప్పందంలో ఈ క్లాజ్ పెడితే, రెండు వైపులా పదును ఉన్నట్టు కనిపించే కత్తికి పిడి మాత్రం ఒక్క వైపే ఉంటుంది.

అలాంటప్పుడు మిగిలేది విలువ కట్టడం. వాటాల న్యాయమైన విలువ అని రాసి వదిలేస్తే తగువు అక్కడికి మారుతుంది, అంతే. ఫ్రాంచైజీ ఉన్నట్టుగా లెక్కించాలా, లేనట్టుగానా? అదే దుకాణాలు, అదే సిబ్బంది, అవే లెక్కలు. ఫ్రాంచైజీ ఉంటే నడిచే వ్యాపారం, లేకపోతే కుర్చీలు, పొయ్యిలు, అద్దె ఒప్పందాలు. రెండు అంకెలకూ మధ్య తేడా ఊహించండి. ఈ ప్రశ్న ఊహగా మిగల్లేదు. 2017 జులైలో ఎన్.సి.ఎల్.టి. బక్షీని మళ్లీ ఎన్నుకోకపోవడం సరికాదని తేల్చి ఆయన్ని తిరిగి నియమించింది. విశ్రాంత సుప్రీంకోర్టు న్యాయమూర్తి జి.ఎస్. సింఘ్వీని అడ్మినిస్ట్రేటర్‌గా పెట్టింది. ఆగస్టులో మెక్‌డొనాల్డ్స్ 169 దుకాణాల ఫ్రాంచైజీని రద్దు చేసింది. సెప్టెంబరులో లండన్ ట్రిబ్యునల్ బక్షీ తన వాటాను న్యాయమైన ధరకు మెక్‌డొనాల్డ్స్‌కు అమ్మాలంది. అంటే పదవి ఒకచోట తిరిగొచ్చింది, పేరు ఇంకోచోట పోయింది, వాటా మూడోచోట అమ్మకానికి వచ్చింది, అన్నీ మూడు నెలల్లో.

కాబట్టి విలువ క్లాజ్‌లో నాలుగు మాటలు విడమరచి రాయండి. ఏ తేదీనాటి విలువ, ఫ్రాంచైజీ కొనసాగుతున్నట్టా కాదా, విలువ కట్టేవాళ్లను ఎవరు ఎంచుకుంటారు, రెండు అంచనాలు పొసగకపోతే మూడోవాళ్ల అంకె ఎలా కట్టుబడుతుంది. తేదీ ముఖ్యం, ఎందుకంటే తగువు మొదలైన రోజుకు, ముగిసిన రోజుకు మధ్య వ్యాపారమే కరిగిపోవచ్చు. తగువు పెట్టుకున్నవాడికే ఆ కరిగిపోవడం వల్ల లాభం రాకూడదు.

నా ఉద్యోగం మొదట్లో ఒక సంస్థ తరఫున ఇలాంటి క్లాజ్ రాయడానికి కూర్చున్నాం. భాగస్వాములిద్దరూ చిన్ననాటి స్నేహితులు. విడిపోయే క్లాజ్ గురించి ఎత్తితే, పెళ్లి రోజు విడాకుల మాట ఎందుకండీ అన్నారు. నేను మొహమాటపడి మూడు వాక్యాలతో ముగించాను. తొమ్మిదేళ్ల తర్వాత ఆ మూడు వాక్యాల మీద వాళ్లు రెండేళ్లు వాదించుకున్నారు. అందులో నా తప్పు ఉంది. ఆ రోజు నుంచి విడిపోయే క్లాజ్ నేను ముందే రాస్తాను. ఇద్దరూ సంతోషంగా ఉన్న రోజే అది న్యాయంగా కుదురుతుంది, ఎందుకంటే అమ్మేది ఎవరో, కొనేది ఎవరో అప్పటికి ఎవరికీ తెలియదు.

అన్నట్టు, మన హైదరాబాద్‌లో ఆ దుకాణాలు మూతపడలేదు. పశ్చిమ, దక్షిణ ప్రాంతాలను చూసుకునేది హార్డ్‌క్యాజిల్ రెస్టారెంట్స్. వాళ్లు కూడా మొదట చెరిసగం భాగస్వాములే. 2010 ప్రాంతంలో ఆ ఏర్పాటు మారింది, మెక్‌డొనాల్డ్స్ వాటా వాళ్లే తీసుకుని, పేరు వాడుకునే లైసెన్సుతో నడపసాగారు. ఒకే ఏడాది, ఒకే కంపెనీతో మొదలైన రెండు దారులు.

ఉత్తరాది తగువు 2019 మే 9న రాజీతో తెగింది. బక్షీ సగం వాటా మెక్‌డొనాల్డ్స్ కొంది. దుకాణాలను కొత్త యాజమాన్యం కింద మళ్లీ సర్దుకోవడానికి కొన్నాళ్లు మూసి, తర్వాత తెరిచారు. 2013 జులైలో ముగిసిన పదవీకాలంతో మొదలైన తగువు ముగియడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది.