ప్రసంగంలో గ్రీకు మాట: ఎంతవరకు?

యోహాను సువార్త 21వ అధ్యాయంలో యేసు పేతురును మూడుసార్లు అడిగిన ప్రశ్న తెలుగు బైబిలులో మూడుసార్లూ ఒకే క్రియతో ఉంటుంది. గ్రీకులో అలా లేదు. మొదటి రెండుసార్లు యేసు వాడిన క్రియ అగపావో, మూడోసారి ఫిలేయో. పేతురు మాత్రం మూడుసార్లూ ఫిలేయోతోనే జవాబిస్తాడు. దీన్నిబట్టి, యేసు దైవిక ప్రేమను అడిగితే పేతురు స్నేహం మాత్రమే ఇవ్వగలిగాడని, చివరికి యేసే అతని స్థాయికి దిగివచ్చాడని చాలామంది ప్రసంగీకులు చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆధారం చాలదు.

మాటకు అర్థం అది వాడిన వాక్యాల్లో తేలుతుంది. తండ్రి కుమారుని ప్రేమించడాన్ని యోహాను 3:35లో అగపావోతో, 5:20లో ఫిలేయోతో చెప్పాడు. 3:19లో మనుషులు చీకటిని ప్రేమించారన్నచోటా అగపావోనే. పాత నిబంధన గ్రీకు అనువాదంలో, 2 సమూయేలు 13లో తామారుపై అమ్నోనుకు కలిగిన వాంఛకు వాడిందీ ఇదే క్రియ. ఇక ఆ మాటలోనే పరిశుద్ధత ఉందని ఎలా అనగలం? పైగా ఆ సంభాషణలోనే గొర్రెలకూ మేపడానికీ రెండేసి మాటలు మారాయి. మాటలు మార్చి చెప్పడం యోహానుకు అలవాటు. రెండు క్రియల మధ్య తేడా ఉందనే పండితులూ లేకపోలేదు గాని, ప్రసంగమంతా నిలబెట్టేంత బలం ఆ వాదానికి లేదు. మూడోసారి అడిగినందుకే పేతురు నొచ్చుకున్నాడని 17వ వచనం చెబుతోంది. అంటే గమనించవలసింది ఆ లెక్కను; మూడుసార్లు ఎరగనన్నవాణ్ణి మూడుసార్లు అడిగాడు.

అదే అధ్యాయంలో నిజంగా పనికొచ్చే గ్రీకు మాట ఇంకొకటి ఉంది. ఒడ్డున చేపలు కాలుతున్న నిప్పులకు 21:9లో వాడిన అంత్రకియ, అంటే బొగ్గుల మంట, కొత్త నిబంధనలో మరొక్కచోటే కనిపిస్తుంది. అది 18:18, పేతురు చలికాచుకుంటూ యేసును ఎరగనన్న చోటు. తెలుగులో ఒకచోట మంట, ఇంకొకచోట నిప్పులు అని ఉండటంతో ఈ పోలిక మరుగున పడింది. పదసూచికలో వెదికితే ఐదు నిమిషాల్లో దొరుకుతుంది. నిఘంటువులోని అర్థాలన్నీ తెచ్చి ఒకే వచనంలో కుమ్మరించే శ్రమ కంటే ఇది మేలు.

దీన్ని సంఘానికి చెప్పడానికి గ్రీకు ఉచ్చారణ అక్కర్లేదు. “ఈ సువార్తలో బొగ్గుల మంట రెండేచోట్ల ఉంది; రెండుచోట్లా పేతురున్నాడు” అంటే వెనక వరుసలోని అవ్వకూ అందుతుంది, ఇంటికెళ్లి తన బైబిలులోనే రెండు వచనాలూ తెరిచి చూసుకోగలదు. అగపావో కథ అలా కాదు. దాన్ని సరిచూసుకునే దారి ఆమెకు లేదు. ప్రసంగీకుని మాట నమ్మడం, లేదా తన బైబిలును శంకించడం, ఈ రెండే మిగులుతాయి. అందుకే మూలభాషలో కనుగొన్నది చుట్టూ ఉన్న వచనాలతో తెలుగులోనే రుజువు కాకపోతే, అది ప్రసంగీకుని నోటుపుస్తకంలోనే ఉండిపోవాలి.