ఎండలో పెట్టిన కారు: ఏసీ ఎప్పుడు వేయాలి, అద్దాలు ఎప్పుడు మూయాలి?

ఈ రోజు ఎపిసోడ్ మే నెల మధ్యాహ్నం కారు డోర్ తీసినప్పుడు మొహానికి కొట్టే ఆ సెగ గురించి. ఆ టైమ్‌లో ఒక్కొక్కరు ఒక్కో పని చేస్తారు. కొందరు అద్దాలన్నీ మూసే ఉంచి ఏసీ ఫుల్‌లో పెట్టి, చల్లబడేదాకా బయట నీడలో నిలబడతారు. కొందరు డోర్‌ని విసనకర్రలా ఊపుతారు. ఇంకొందరు రీసర్క్యులేషన్ బటన్ జోలికే వెళ్లరు. అదే, కారు బొమ్మ లోపల గుండ్రంగా తిరిగే బాణం ఉంటుంది చూడండి, ఆ బటన్. వీటిలో ఏది పనిచేస్తుంది, ఎంత పెట్రోల్ తాగుతుంది, లెక్క వేసి చూద్దాం.

ముందు ఒక ప్రశ్న. కారు లోపల వేడి ఎక్కడ ఉంటుంది? గాలిలో అనుకుంటాం కదా. కానీ చిన్న హ్యాచ్‌బ్యాక్ లోపల పట్టే గాలి దాదాపు 3 ఘనపు మీటర్లు. బరువు చూస్తే సుమారు 3 కిలోలు, అంతే. బయట 40 డిగ్రీలు, లోపల 60 డిగ్రీలు ఉందనుకోండి. ఆ 3 కిలోల గాలిని 60 నుంచి 40కి దించాలంటే 60 కిలోజౌళ్ల వేడి తీసేస్తే చాలు. చిన్న కారు ఏసీ కూడా ఫుల్‌గా పనిచేస్తే ఇంట్లో ఒక టన్ను ఏసీకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 4 కిలోవాట్లు అనుకుందాం. అంటే కాగితం మీద లెక్క ప్రకారం 15 సెకన్ల పని.

మరి 15 సెకన్లలో ఎందుకు చల్లబడదు? ఎందుకంటే అసలు వేడి డాష్‌బోర్డ్‌లో, సీట్లలో, స్టీరింగ్‌లో, డోర్ ప్యానెల్స్‌లో దాక్కుని ఉంటుంది. వేడెక్కిన ప్లాస్టిక్, ఫోమ్ అన్నీ కలిపి 60 కిలోలు అనుకుందాం. వాటిని 20 డిగ్రీలు దించాలంటే సుమారు 1,800 కిలోజౌళ్లు. గాలిలో ఉన్నదానికి 30 రెట్లు! అదే ఏసీకి ఇది ఏడెనిమిది నిమిషాల పని. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతాదంతా ఈజీగా అర్థమైపోతుంది.

ఇప్పుడు డోర్ ఊపే ట్రిక్ సంగతి. ఎడమవైపు అద్దం దించి, డ్రైవర్ డోర్‌ని ఐదారుసార్లు తెరిచి మూయడం. రీల్స్‌లో అందరూ చూసే ఉంటారు. జపాన్ ఆటోమొబైల్ ఫెడరేషన్ వాళ్లు దీన్ని టెస్ట్ చేశారు. బయట 35 డిగ్రీలు, లోపల 55. ఐదుసార్లు డోర్ ఊపాక లోపల 47.5కి వచ్చింది. ఫ్రీగా ఏడున్నర డిగ్రీలు తగ్గాయి, బానే ఉంది. కానీ బయటి గాలి 35 కదా, అక్కడిదాకా ఎందుకు రాలేదు? కొత్త గాలి లోపలికి రాగానే వేడి డాష్‌బోర్డ్ దాన్ని మళ్లీ కాచేస్తుంది. కావాలంటే మీరే చూడండి. డోర్ ఊపి, అన్నీ మూసేసి రెండు నిమిషాలు ఆగండి. సెగ తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి ఈ ట్రిక్ లోపల కూర్చోగలిగేలా చేస్తుంది, అంతవరకే. కారుని చల్లబరచదు.

సీట్లలో, డాష్‌బోర్డ్‌లో ఉన్న వేడి బయటికి పోవాలంటే గాలి ఆగకుండా వాటి మీదుగా పారాలి. దానికి బెస్ట్ ఫ్యాన్ ఏంటో తెలుసా? మీ కారు నడవడమే. అద్దాలు దించి గంటకు 30 కిలోమీటర్ల స్పీడ్‌తో వెళ్లినా చాలు, ఎంత డోర్ ఊపినా రానంత గాలి వస్తుంది. బయట 40 డిగ్రీల వడగాలే కావచ్చు. కానీ 65 డిగ్రీల డాష్‌బోర్డ్‌కి అది కూడా చల్లగాలే.

అదే జపాన్ టెస్ట్‌లో ఇంకో మూడు పద్ధతులు కూడా పోల్చారు. మొదటిది, కారు నిలబెట్టి ఏసీ వేసి, బయటి గాలి వచ్చే మోడ్‌లో ఉంచారు. 10 నిమిషాలకు 29.5 డిగ్రీలు. రెండోది, అలాగే నిలబెట్టి రీసర్క్యులేషన్‌లో పెట్టారు. 10 నిమిషాలకు 27.5. మూడోది, అద్దాలన్నీ దించి, ఏసీ వేసి, బయటి గాలి మోడ్‌లో బయల్దేరారు. రెండు నిమిషాల తర్వాత అద్దాలు మూసి రీసర్క్యులేషన్‌కి మార్చారు. మొత్తం 5 నిమిషాల్లోనే 28 డిగ్రీలు. సగం టైమ్‌లో దాదాపు అదే చల్లదనం!

నడిచే కారులో ఏసీ ఎందుకు బాగా పనిచేస్తుంది అంటే రెండు కారణాలు. మామూలు పెట్రోల్, డీజిల్ కార్లలో ఏసీ కంప్రెసర్ ఇంజిన్ బెల్ట్‌తో తిరుగుతుంది. కారు ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నిమిషానికి 800 చుట్ల దగ్గర నెమ్మదిగా తిరుగుతుంటే, కంప్రెసర్ కూడా నెమ్మదే. రోడ్డు మీద ఇంజిన్ అంతకు రెండింతలు తిరుగుతుంది. రెండోది కండెన్సర్, అంటే కారు ముందు గ్రిల్ వెనకాల జాలీలా ఉండేది. లోపలి వేడిని బయటికి వదిలేది అదే. ఆగిన కారులో దానికి ఫ్యాన్ గాలే దిక్కు. నడిచే కారులో ఎదురుగాలి మొత్తం దాని మీదే పడుతుంది.

ఇక అసలు పాయింట్‌కి వద్దాం, రీసర్క్యులేషన్ ఎప్పుడు వేయాలి? ఏసీకి ఏ గాలి తక్కువ వేడిగా ఉంటే ఆ గాలి ఇవ్వాలి. ఇంతే రూల్. మొదట్లో లోపల 60, బయట 40 ఉంది. లోపలి గాలినే తిప్పితే ఏసీ 60 డిగ్రీల గాలితో కుస్తీ పట్టాలి. అందుకే బయటి గాలి మోడ్, అద్దాలు తెరిచి. కాసేపటికి లోపల 38 అయింది, బయట ఇంకా 40. ఇప్పుడు లెక్క తిరగబడింది. ఇంకా బయటి గాలే తీసుకుంటూ ఉంటే, ప్రతి నిమిషం ఏసీ కొత్తగా 40 డిగ్రీల గాలిని మొదటినుంచి చల్లబరచాలి. రీసర్క్యులేషన్ నొక్కితే, అప్పటికే చల్లబడిన గాలినే ఇంకాస్త చల్లబరుస్తుంది. ఇంట్లో కూలర్‌కి కిటికీ తెరుస్తాం, ఏసీకి మూస్తాం కదా. మొదటి రెండు నిమిషాలు మన కారు కూలర్ పద్ధతి, ఆ తర్వాత ఏసీ పద్ధతి.

థర్మామీటర్ లేకుండా ఆ టైమ్ ఎలా కనిపెట్టాలి? సింపుల్. పక్కన కూర్చున్నవాళ్లని కిటికీ దగ్గర చెయ్యి పెట్టమనండి. కిటికీలోంచి వచ్చే గాలి లోపలి గాలికన్నా వేడిగా అనిపించిన క్షణంలో అద్దాలు మూసి, రీసర్క్యులేషన్ నొక్కండి. ఒంటరిగా ఉంటే రెండు నిమిషాలు లెక్కపెట్టుకోండి. అనుమానంగా ఉంటే కాస్త ముందుగానే నొక్కండి. జపాన్ టెస్ట్‌లో చూశాం కదా, మొదటినుంచీ రీసర్క్యులేషన్‌లో పెట్టిన కారే, బయటి గాలి మోడ్‌లో వదిలేసిన కారుకన్నా చల్లబడింది. అంటే తొందరపడితే ఒకట్రెండు నిమిషాల నష్టం, మర్చిపోతే దారంతా నష్టం. వాన, దుమ్ము ఉండి అద్దాలు దించలేని రోజున కూడా నేరుగా రీసర్క్యులేషనే బెటర్.

దీనికీ ఒక లిమిట్ ఉంది. నలుగురు కూర్చున్న కారులో గంటలకొద్దీ అదే గాలి తిరిగితే మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుంటుంది. తల బరువెక్కుతుంది, డ్రైవర్‌కి నిద్రమత్తు వస్తుంది. హైవే మీద అరగంటకోసారి రెండు నిమిషాలు బయటి గాలి మోడ్ వేసి, మళ్లీ మార్చేయండి.

ఇప్పుడు డబ్బుల లెక్క. మా వీధిలో ఉండే ఒక క్యాబ్ అన్న నన్ను అడిగాడు: "తమ్ముడూ, ప్యాసింజర్ ఎక్కేసరికి బండి చల్లగా లేకపోతే రేటింగ్ పోతది. నిలబెట్టి ఏసీ వేయక తప్పదు కదా?" న్యాయమైన ప్రశ్నే. లెక్క వేద్దాం. చిన్న పెట్రోల్ కారు ఆగి ఉండి, ఎండలో ఏసీ ఫుల్‌గా నడిస్తే గంటకు సుమారు లీటర్ తాగుతుంది అనుకుందాం. ఇంజిన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అన్న రోజుకి ఐదుసార్లు ఎండలో ఆగుతాడు. ప్రతిసారీ ఆరు నిమిషాలు నిలబెట్టి చల్లబరుస్తాడు. మొత్తం అరగంట, అంటే అర లీటర్. లీటర్ 107 రూపాయలు అనుకుంటే రోజుకి 53 రూపాయలు పైనే. నెలకు 26 రోజులు నడిపితే దాదాపు 1,390 రూపాయలు. ఒక్క కిలోమీటర్ కూడా కదలకుండా!

అన్నకి నేను చెప్పింది ఇది. రైడ్ రాగానే అద్దాలు దించి, ఏసీ వేసి కదిలిపో. పికప్ పాయింట్‌కి ఎలాగూ ఐదు నిమిషాలు నడపాలి కదా. రెండు నిమిషాలయ్యాక అద్దాలు మూసి, రీసర్క్యులేషన్ నొక్కు. ప్యాసింజర్ ఎక్కే టైమ్‌కి బండి చల్లగా ఉంటుంది, పెట్రోల్ కూడా దారిలోనే ఖర్చయింది. పికప్ పక్క వీధిలోనే ఉంటే మాత్రం ఒకట్రెండు నిమిషాలు నిలబెట్టక తప్పదు. అది కూడా అద్దాలు తెరిచే.

అమెరికా ఇంధన శాఖ ఫ్యుయల్ ఎకానమీ సైట్‌లో కూడా ఇదే సలహా ఉంటుంది: బయల్దేరే ముందు నిలబెట్టి ఏసీ నడపొద్దు, కాసేపు అద్దాలు తెరిచి నడపండి అని. బాగా ఎండగా ఉన్నప్పుడు, ముఖ్యంగా చిన్న ట్రిప్పుల్లో, ఏసీ వల్ల మైలేజ్ 25 శాతానికి మించి కూడా పడిపోవచ్చని అక్కడే రాశారు. చిన్న ట్రిప్పులోనే ఎందుకు ఎక్కువ? ఆ 1,800 కిలోజౌళ్లు గుర్తున్నాయా? మీరు 3 కిలోమీటర్లు వెళ్లినా, 30 వెళ్లినా ఆ బిల్లు మొదట్లోనే కట్టాలి.

ఆ బిల్లు తగ్గించే చవకైన దారి నీడ. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 38 డిగ్రీలు దాటిన రోజుల్లో కొలిచారు. గంటసేపు ఎండలో ఉన్న కారు డాష్‌బోర్డ్ సగటున 69 డిగ్రీలు, నీడలో ఉన్నదానిది 48. సీట్లు చూస్తే ఎండలో 51, నీడలో 41. చెట్టు కింద చోటు దొరక్కపోతే ముందు అద్దానికి సన్‌షేడ్ పెట్టండి, కనీసం డాష్‌బోర్డ్ మీద నేరుగా ఎండ పడదు.

ఇంకో విషయం. కారు నడుస్తున్నప్పుడు ఏసీ చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వెంట్లలో వేడిగాలి వస్తోందా? అప్పుడు రీసర్క్యులేషన్ ఏమీ చేయలేదు. కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందా, కండెన్సర్‌కి దుమ్ము పట్టిందా, గ్యాస్ తగ్గిందా అని మెకానిక్‌తో చూపించుకోండి.

చివరిగా రెండు హెచ్చరికలు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మూసిన గ్యారేజ్‌లో ఇంజిన్ ఆన్ చేసి ఏసీలో కూర్చోవద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. రెండోది, "అద్దం కొంచెం దించాలే, రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని పిల్లల్ని కారులో వదలొద్దు. 2005లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు కొలిచి చూపించారు. ఆగిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు. ఆ సందులోంచి పోయేది కాస్త గాలి మాత్రమే, కాచే డాష్‌బోర్డ్ లోపలే ఉంది.

ఇంట్లో కారు నడిపేవాళ్లకి, మీకు తెలిసిన క్యాబ్ అన్నలకి ఈ వీడియో షేర్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఎండాకాలంలో టైర్ ప్రెషర్ సంగతి చూద్దాం.