అతిథి పరిచయము – చెవికి అందే తెలుగు

మన కూకట్‌పల్లి ఆరాధనలకు వచ్చే అతిథులను సంఘమునకు పరిచయము చేసే పనిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ తెరిచిన తరువాత ఈ ప్రాంతపు కుటుంబములలో కంప్యూటరు ఉద్యోగులు పెరిగారు. ఇంగ్లీషులో చక్కగా వ్రాయగల యువజనులు మనలో ఎందరో ఉన్నారు. కనుక పరిచయము మొదట ఇంగ్లీషులో తయారై, ఆ తరువాత తెలుగులోకి వస్తుంది. అయితే వినేవారిలో పల్లెలనుండి పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులున్నారు, కూలిపని చేసుకొనేవారున్నారు. గుంటూరు వారు, మెదకు వారు, కర్నూలు వారు ఒకే బల్లమీద కూర్చుంటున్నారు. పుస్తకమైతే వెనుకకు తిప్పి చదువుకోవచ్చును; చెవికి ఆ వీలు లేదు.

ఒక కంటి డాక్టరమ్మగారు వచ్చారనుకుందాము. ఇంగ్లీషు కాగితమును మాటకు మాట తెలుగు చేస్తే ఇలా ఉంటుంది: “గ్రామీణ నేత్రవైద్య రంగములో మూడు దశాబ్దములకు పైగా విశిష్ట సేవలందించిన, లెక్కలేనన్ని జీవితములను తాకిన, అనేక పురస్కారములచే గౌరవింపబడిన, ప్రేమగల భార్యయు ఇద్దరు బిడ్డల తల్లియునైన డాక్టరు గారిని పరిచయము చేయుట నాకు గొప్ప ఆధిక్యతయై యున్నది. ఆరాధనానంతరము వారు సంప్రదింపుల నిమిత్తము అందుబాటులో నుందురు.”

ఇందులో వ్యాకరణము తప్పలేదు. వరుస తప్పింది. ఇంగ్లీషులో మనిషి పేరు ముందు చెప్పి, వివరములను దాని వెనుక ఒకటొకటిగా తగిలించవచ్చును. తెలుగులో “అందించిన, తాకిన, గౌరవింపబడిన” అన్నీ పేరుకు ముందే వచ్చి నిలుచుంటాయి. ఎవరిని గురించో తెలియకుండానే వినేవారు ఆ మూటలన్నీ మోయాలి. అందుచేత మనిషిని ముందుగా చూపించాలి. తరువాత ఒక్కొక్క సంగతికి ఒక్కొక్క వాక్యము చాలును. ఒక్క ఊపిరిలో పలుకలేని వాక్యమును రెండుగా విరవాలి.

రెండవది, “జీవితములను తాకిన” అనే మాట. ఇంగ్లీషులో అది నలిగిన వాడుక. తెలుగులో విన్నవారికి చేతితో తాకడమే తోస్తుంది. దీనికి సాటియైన మాట కొరకు నిఘంటువు వెదకి ప్రయోజనము లేదు. ఆ మాట వెనుకనున్న పని ఏమిటో వెదకాలి. ముందురోజే ఫోను చేసి, “అమ్మా, మీరు పల్లెలలో ఏమి చేసేవారు?” అని అడిగితే సరి. “వారానికి రెండు ఊళ్ళు తిరిగేదాన్ని, కంట్లో పొర వచ్చినవారిని ఆసుపత్రికి తీసుకొని వెళ్ళేదాన్ని” అని ఆమె అంటే, అదే చెప్పాలి.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. “సంప్రదింపుల నిమిత్తము అందుబాటులో” అంటే కళ్ళు చూపించుకోవచ్చునని మసకచూపు అవ్వకు ఎలా తెలుస్తుంది? ఆశీర్వాదము కాగానే కర్ర పట్టుకొని ఇంటికి వెళ్ళిపోతుంది. డాక్టరమ్మగారు వచ్చిన పని నెరవేరదు.

ఇప్పుడు నోటితో చెప్పే తీరు చూడండి: “ఈ రోజు మన మధ్యకు ఒక కంటి డాక్టరమ్మగారు వచ్చారు. ముందు వరుసలో కూర్చున్నారు. ముప్పై ఏళ్ళకు పైగా పల్లెల్లోనే వైద్యం చేశారు. వారానికి రెండు ఊళ్ళు తిరిగి, కంట్లో పొర వచ్చినవాళ్ళను ఆసుపత్రికి తీసుకొని వెళ్ళేవారు. ఆ పనికి వారికి బహుమానాలు కూడా ఇచ్చారు. వారి ఇంటాయనగారు, పిల్లలిద్దరూ మనతోనే ఉన్నారు. ఆరాధన అయ్యాక అమ్మగారు ఇక్కడే ఉంటారు. చూపు మసకగా ఉన్నవాళ్ళు వెళ్ళిపోకండి, కళ్ళు చూస్తారు.” కుటుంబము నిజముగా వచ్చి ఉంటేనే ఆ వాక్యము ఉంచాలి, లేకుంటే తీసివేయాలి.

సహజముగా చెప్పడమంటే ఇష్టము వచ్చినట్లు చెప్పడము కాదు. డిగ్రీలు, పదవులు, ఆసుపత్రి పేరు ఉన్నవి ఉన్నట్లే ఉండాలి. కాగితములో లేని పొగడ్త తెలుగులో చేరకూడదు. డాక్టరు, ఆపరేషను, ఫోను అందరికీ తెలిసిన మాటలే గనుక వాటిని మార్చనవసరము లేదు. “ఆధిక్యత”, “అయియున్నది” వంటివి బైబిలు చదువుటవలన మన నోటికి వచ్చినవి. ప్రార్థనలో అవి ఇంపుగానే ఉంటాయి. అతిథిని చూపించేటప్పుడు మనిషిని దూరము చేస్తాయి.

తయారైన పరిచయమును శనివారము రాత్రి ఇంటిలోని పెద్దవారికి ఒక్కసారి చదివి వినిపించండి. కాగితము చూపవద్దు. తరువాత మూడు ప్రశ్నలు వేయండి: ఎవరు వస్తున్నారు? వారు ఏమి చేస్తారు? మనము ఏమి చేయాలి? ఏ ప్రశ్నకు వారు తడబడితే, దానికి సంబంధించిన వాక్యమును తిరిగి వ్రాయండి. మూడింటికీ జవాబు వచ్చిన పరిచయమును ఆదివారము ధైర్యముగా చదువవచ్చును.