సస్పెన్స్ అకౌంట్ సున్నా అయితే లెక్కలు కరెక్టేనా?

ఈ రోజు సస్పెన్స్ అకౌంట్, అదే మన తెలుగు మీడియం పుస్తకాల్లో అనామతు ఖాతా.

ఒక షాపు ట్రయల్ బ్యాలెన్స్‌లో డెబిట్ వైపు 2,900 తగ్గిందనుకుందాం. కారణం దొరికేదాకా ఆ 2,900ని సస్పెన్స్‌లో డెబిట్ వైపు పెడతాం.

తర్వాత వెతికితే రెండు తప్పులు దొరికాయి. రవికి 5,400 అరువు అమ్మకం జరిగితే, అతని ఖాతాలో 4,500 అని ఎక్కించారు. ఇది కమిషన్ ఎర్రర్. ఇలా అంకెలు తారుమారైతే వచ్చే తేడా, ఇక్కడ 900, ఎప్పుడూ 9తో భాగించబడుతుంది. రెండోది, అద్దె 2,000 క్యాష్ బుక్‌లో రాశారు గానీ అద్దె ఖాతాకి ఎక్కించడం మర్చిపోయారు. ఇది పాక్షిక ఒమిషన్.

సవరణ ఎలా? రవి ఖాతాకి 900, అద్దె ఖాతాకి 2,000 డెబిట్ చేసి, రెండింటికీ సస్పెన్స్‌ని క్రెడిట్ చేస్తాం. సస్పెన్స్ సున్నా!

మరి అంతా కరెక్టేనా? కాదండీ. 3,000 అరువు కొనుగోలు బిల్లు అసలు ఏ పుస్తకంలోనూ రాయలేదనుకోండి. డెబిట్, క్రెడిట్ రెండూ లేవు కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా సరిపోతుంది. కోడ్ కంపైల్ అయినంత మాత్రాన లాజిక్ కరెక్టని కాదు కదా, అలాగన్నమాట. సరఫరాదారు పంపే స్టేట్‌మెంట్‌తో పోలిస్తేనే ఇది బయటపడుతుంది. అప్పుడు కొనుగోళ్ల ఖాతాకి డెబిట్, సరఫరాదారుకి క్రెడిట్. సస్పెన్స్ జోలికే వెళ్లం.

ఇంకొక్క మాట. అద్దె తప్పు వచ్చే ఏడాది దొరికితే, అద్దె ఖాతా అప్పటికే మూసేసి ఉంటుంది. పోయినేడాది లాభం 2,000 ఎక్కువ చూపించాం కాబట్టి, లాభనష్టాల సర్దుబాటు ఖాతాకి డెబిట్ చేయాలి. లేకపోతే పాత ఖర్చు ఈ ఏడాది లాభాన్ని తినేస్తుంది.

డౌట్లుంటే కామెంట్‌లో అడగండి. ఉంటానండీ.