శుభవార్త విన్నవేళ

బంగారుపేటకూ జోలార్‌పేటకూ నడుమ పోయే రైలుదారి మీద, కుప్పానికి దగ్గరలో గుడుపల్లె అనే చిన్న స్టేషను ఉన్నది. ఒక పక్క కోలారు జిల్లా, మరొక పక్క కృష్ణగిరి, తిరుపత్తూరు జిల్లాలు. ఆ ప్రాంతములో ఒక ఇంట శుభము జరిగినదంటే, పలుకరింపులు తెలుగులో వస్తాయి, తమిళములో వస్తాయి, కన్నడములో వస్తాయి, ఉర్దూలోనూ వస్తాయి. నాలుగు భాషలూ అందరికీ కొంత కొంత తెలిసినవే. చిక్కు అక్కడనే ఉన్నది. మాట తెలిసినంత మాత్రాన, ఆ మాటలోని దగ్గరతనమూ దూరమూ తెలిసినట్లు కాదు.

నా బంధువర్గములోని ఒక అమ్మాయికి కొన్నేళ్ళ క్రిందట ఉపాధ్యాయినిగా ఉద్యోగము వచ్చినది. వారిది ఆ ప్రాంతమే. ఉత్తర్వు చేతికి వచ్చిన వారములో ఆమెకు మూడు పలుకరింపులు అందినవి. ఆ మూడింటి కథ చెపితే ఈనాటి నా విషయము చాలవరకు చెప్పినట్లే.

మొదటిది, ఆమెకు బడిలో చదువు చెప్పిన హెడ్మాస్టరుగారి ఉత్తరము. “నీకు నా హార్దిక అభినందనలు” అని వ్రాసినారు. ఇంట్లోని అవ్వకు ఆ ఉత్తరము చదివి వినిపిస్తే, “ఇదేమమ్మా, సభలో పూలదండ వేసినట్లు రాసినాడు! చేతిలో పెరిగిన పిల్లవు గదా నువ్వు” అన్నది. ఆమె అన్నదానిలో న్యాయమున్నది. అభినందన అంటే ఒకరి విజయమును చూచి సంతోషించుట. మంచి మాటే. కాని తెలుగువారి నోట అది వేదికకూ, పత్రికకూ, కచేరీకీ చెందిన మాటగా స్థిరపడినది. అంతగా పరిచయము లేనివారికీ, సాటి ఉద్యోగికీ, పై అధికారికీ అది చక్కగా అమరుతుంది. ఎత్తుకొని పెంచిన బిడ్డకు చెప్పినప్పుడు మాత్రము పరాయితనము తోస్తుంది. దానిముందు ‘హార్దిక’ అని చేర్చినా ఆ దూరము తగ్గదు. ఇంకొక మెట్టు పెరుగుతుంది. ఆ హెడ్మాస్టరుగారే ఎదురుపడి ఉంటే, “సాధించినావమ్మా, చాలా సంతోషము” అని ఉండేవారు. కాగితము కనబడగానే మనకు సంస్కృతము గుర్తుకు వస్తుంది.

రెండవది బంగారుపేటనుండి వచ్చినది. వ్రాసినవారు కన్నడములో చదువుకొన్న తెలుగువారు. “నీకు నా శుభాశయములు” అని వ్రాసినారు. అమ్మాయి తండ్రి రెండుసార్లు చదివి, “ఆయన ఆశయములు ఏమిటో మనకెందుకు వ్రాసినాడు?” అన్నాడు. కన్నడములో ‘శుభాశయగళు’ అంటే మనము శుభాకాంక్షలు అనేదే. పెండ్లికీ పండుగకూ వారు నిత్యము వాడే మాట. తెలుగులో ఆశయమంటే మనిషి పెట్టుకొన్న లక్ష్యము. అక్షరములు ఒకటే, అర్థము పక్కకు జరిగినది. సరిహద్దు ఊళ్ళలో ఇటువంటి పొరపాటు పట్టుకొనడము కష్టము. ఎందుకంటే ఆ మాట ఏ భాషలో చూచినా సొంత మాటగానే కనబడుతుంది. ఆ అమ్మాయి కన్నడములో జవాబు వ్రాయవలసి ఉంటే శుభాశయమనే వ్రాయవచ్చును. తెలుగులో మాత్రము కూడదు.

మూడవది ఉత్తరము కాదు. పక్కింటి తమిళ పెద్దాయన గడపలో నిలిచి, “నల్లా ఇరుమ్మా” అని వెళ్ళిపోయినాడు. అమ్మాయికి కొంచెము చిన్నతనమనిపించినది. ఇంత ఉద్యోగము వస్తే రెండే మాటలా అని. నిజానికి ఆ మూడింటిలోనూ గొప్పది అదే. ‘నల్లా ఇరు’ అంటే ‘బాగుండు’ అని మాత్రమే కాదు, అది పెద్దల దీవెన. మన అవ్వలు “చల్లగా ఉండు తల్లీ” అన్నట్లు, కన్నడ పెద్దలు “ఒళ్ళెయదాగలి” అన్నట్లు. ఇంగ్లీషువారు ఆప్యాయతను వెచ్చదనముతో కొలుస్తారు. ఎండలో బ్రతికే మనకు దీవెన చల్లగా ఉండవలెను. “నా వెచ్చని అభినందనలు” అని ఈనాడు కొందరు వ్రాస్తున్నారు. అది తెలుగు చెవికి జ్వరము తగిలినట్లుంటుంది.

ఇక్కడ ఒక మాట విడమరచి చెప్పవలెను. శుభవేళ మనము చేసే పని మూడు తీరులుగా ఉంటుంది. జరిగిన విజయమునకు సంతోషించడము ఒకటి. జరుగబోయేది బాగుండవలెనని కోరడము ఒకటి. పెద్దవారు చిన్నవారిని దీవించడము మరొకటి. తెలుగులో ఈ మూడింటికీ మూడు మాటలున్నవి: అభినందన, శుభాకాంక్ష, ఆశీర్వాదము. ఉద్యోగపు ఉత్తర్వు వచ్చిననాడు అభినందనలు, చేరబోయేనాడు శుభాకాంక్షలు. పరీక్ష వ్రాయబోయేవానికి శుభాకాంక్షలు, ఉత్తీర్ణుడైనవానికి అభినందనలు. తమిళములో ఈ గీతలు వేరుచోట పడినవి. ‘వాళ్త్తు’ అనే ఒక్క మాట మన శుభాకాంక్షనూ ఆశీర్వాదమునూ రెంటినీ మోస్తుంది. ‘వాళ్’ అంటే జీవించు. కన్నడములోని ‘బాళు’ దానికి తోబుట్టువే. కనుక వాళ్త్తడము అంటే, మూలములో, బ్రతుకుమని దీవించడము.

ఇది తెలియక మా అమ్మాయి ఒక పొరపాటు చేసినది. కొన్ని నెలల తరువాత ఆ పక్కింటి పెద్దాయనను ఒక బడికి కార్యదర్శిగా ఎన్నుకొన్నారు. ఆమె తనకు వచ్చిన తమిళముతో ఒక కార్డు వ్రాసినది: “ఉంగళై వాళ్త్తుగిఱేన్.” తన లెక్కలో అది ‘మిమ్మల్ని అభినందిస్తున్నాను’. ఆయన లెక్కలో అది ‘నిన్ను దీవిస్తున్నాను’ అని ఇరువది నాలుగేళ్ళ పిల్ల డెబ్బదేళ్ళ పెద్దకు వ్రాసినట్లు. ఆయన నవ్వినాడు, నొచ్చుకొనలేదు. ఆయన భార్య మాత్రము అమ్మాయిని కూర్చోబెట్టి, తమిళులు ఇటువంటిచోట వాడే వాక్యము నేర్పినది: “వాళ్త్త వయదిల్లై, వణంగుగిఱేన్.” దీవించే వయస్సు నాకు లేదు, నమస్కరిస్తున్నాను అని దాని భావము. తమిళనాట సభలలోనూ గోడపత్రికలలోనూ ఈ వాక్యము తరచు కనబడుతుంది.

మరి చిన్నవారు ‘వాళ్త్తుక్కళ్’ అని పెద్దలతో అననే అనరా అంటే, అంటారు. నామవాచకముగా అన్నప్పుడు అది ఈనాడు అందరికీ చెల్లే మర్యాదమాట అయినది. ‘నేను వాళ్త్తుతున్నాను’ అని క్రియగా మార్చినప్పుడే పెద్దరికము తల ఎత్తుతుంది. తమిళములోనే ‘పారాట్టు’ అనే మరొక మాటతోనూ జాగ్రత్త కావలెను. అది మన మెచ్చుకోలువంటిది. పై అధికారి క్రింది ఉద్యోగిని మెచ్చుకొంటాడు. గుమాస్తా కలెక్టరుగారిని మెచ్చుకొన్నానంటే వినేవారు నవ్వుతారు.

ఉర్దూవారికి ఈ బాధ లేదు. ‘ముబారక్’ మాటలో దీవెన ఉన్నా, అది దైవమునుండి వచ్చే బరకత్ కనుక ఎవరైనా ఎవరికైనా చెప్పవచ్చును. మదనపల్లెలో మనుమడు తాతకు “ముబారక్ హో” అంటే తప్పు పట్టేవారు లేరు. ఉద్యోగమైనా, పెండ్లి అయినా, బిడ్డ పుట్టినా అదే మాట.

పెండ్లివేళ తెలుగులోనే మనము ఎక్కువ తడబడతాము. వధూవరుల తోటివారు ‘ఆశీర్వదిస్తున్నాము’ అని వ్రాయడమూ, స్నేహితురాలు పెండ్లికూతురికి ‘దీర్ఘసుమంగళీభవ’ అని పంపడమూ చూస్తున్నాము. భర్త కలకాలము ఉండవలెనని పెద్ద ముత్తైదువలు, గురువులు పలికే దీవెన అది. పాదాలకు మ్రొక్కినప్పుడు నోటితో అనేది. సమవయస్కులకు ‘మీ దాంపత్యము అన్యోన్యముగా సాగవలెనని కోరుతున్నాను’ అంటే చాలును. ‘సుపుత్రప్రాప్తిరస్తు’ వంటి దీవెనలు కార్డు మీద వ్రాయకపోవడమే మేలు. కూతురు పుట్టినప్పుడు ఆ కార్డు ఇంట్లోనే ఉంటుంది. తమిళ పెద్దలు ‘పదహారూ పొంది పెరువాళ్వు వాళ్‌గ’ అని దీవిస్తే, మనవారు కొందరు పదహారుగురు పిల్లలనుకొని బిత్తరపోతారు. చదువు, ధనము, ఆరోగ్యము మొదలైన పదహారు భాగ్యములని వారు దానికి అర్థము చెపుతారు.

తంతి ఉన్న రోజులలో ఈ ఎంపిక యావత్తూ ఒక పట్టికకు అప్పగించి ఉండేవారము. పరీక్షకు ఒక వాక్యము, పెండ్లికి ఒక వాక్యము, బిడ్డకు ఒక వాక్యము ముందే కూర్చి అంకెలు వేసి ఉంచేవారు. అంకె చెపితే వాక్యము చేరేది. మేనమామకూ మేనేజరుకూ ఒకటే వాక్యము. తంతిసేవ 2013 జూలైలో నిలిచిపోయినది. అచ్చు కార్డులు ఆ అలవాటును ఇంకా నిలిపి ఉంచినవి.

పరీక్షల విషయము తొందరగా ముగిస్తాను. అక్కడ తప్పు మాటలో కంటె తరువాత వచ్చే ప్రశ్నలో ఉంటుంది. “పాసయినావా, శభాష్” అన్న నోటితోనే “ఎన్ని మార్కులు?” అంటే, ఆ శభాష్ వెనక్కు తీసుకొన్నట్లే.

బిడ్డ పుట్టినప్పుడు మాత్రము నాలుగు భాషలవారూ ఒకచోటికి వస్తారు. అభినందన అనే మాట అక్కడ ఎవరికీ మొదట నోట రాదు. మనవారు “తల్లీబిడ్డా క్షేమమా?” అంటారు. తమిళులు “తాయుమ్ సేయుమ్ నలమా?” అంటారు. కన్నడిగులు కూడ తాయి, మగు ఇద్దరి ఆరోగ్యమే ముందు అడుగుతారు. మగబిడ్డా ఆడబిడ్డా అనేది రెండవ ప్రశ్న కావలెను. మొదటి ప్రశ్న అయితే తల్లి ముఖము చిన్నబోవచ్చును. ఇక బిడ్డ అందమును పొగడడము దిష్టి అని భయము. దూరమునుండి వచ్చినవారు “ఎంత బొద్దుగా ఉన్నాడు!” అనగానే అవ్వ ముఖము మాడ్చుకొని బిడ్డను లోపలికి తీసుకొనిపోతుంది. నమ్మకము మీకు ఉన్నా లేకున్నా, ఆ ఇంట ఆ వేళ “నిండు నూరేళ్ళు చల్లగా ఉండవలెను” అనడమే పొగడ్త. ఉర్దూవారు పొగడుతూనే “మాషా అల్లాహ్” అని చేర్చి ఆ దోషమును తీసివేస్తారు.

మా అమ్మాయికి నిరుడు కూతురు పుట్టినది. పక్కింటి తమిళ పెద్దాయన కర్ర పట్టుకొని వచ్చి, తొట్టిలోకి తొంగి చూచి, మరల ఆ రెండు మాటలే అన్నాడు. ఈసారి ఆమె లేచి నిలబడి, “ఎల్లామ్ ఉంగ ఆశీర్వాదమ్” అన్నది. అంతా మీ ఆశీర్వాదమే అని.